మా ఊరు చదవలేదేం?

హైటెక్ సిటీలో అద్దాల భవనాల కంటే బండరాళ్లే ఎక్కువగా ఉన్న రోజులవి. మా కంపెనీ అక్కడ సాఫ్ట్‌వేర్ కోర్సులు నడిపేది. కొత్త కోర్సు గురించి ఇంటర్నెట్‌లో పెద్ద సెమినార్ పెట్టాలనుకున్నారు. వెబినార్ అన్న మాట అప్పుడప్పుడే చెవిన పడుతోంది. మనం ఇక్కడ మైకులో మాట్లాడితే ఎక్కడెక్కడివాళ్లో తమ కంప్యూటర్లలో వింటారు, స్లయిడ్లు చూస్తారు, చెప్పదలచుకున్నది టైపు చేస్తారు. మనకు మాత్రం ఒక్క మొహమూ కనబడదు.

మొదట పలకరించేదెవరన్న దగ్గర తగవొచ్చింది. దానికి బెంగుళూరు నుంచి ఒక అమ్మాయిని పంపుతామంది హెడ్డాఫీసు. కాలేజీ వార్షికోత్సవాల నుంచి కాలనీ వినాయక మండపం దాకా మైకు పట్టినదాన్ని నేనుండగా ఆ పిల్లెందుకని మేనేజరుతో వాదించాను. ఆయనది కడప, నాకంటే బాగా చిన్నవాడు. నా నోటికి జడిసి ఒక్క అవకాశం ఇచ్చాడు. బాగా జరిగితే ఇక మైకు నాదే. లేకపోతే మళ్లీ కింద అడ్మిషన్ల కౌంటరే గతి.

గుడ్ మార్నింగ్ అనొద్దన్నాడు. మనకు సాయంత్రం, అమెరికాలో పొద్దున, సింగపూర్‌లో పడుకునే వేళట. నమస్కారానికి గడియారంతో పనిలేదు నాయనా అన్నాను. ఒప్పుకున్నాడు. ఆయన ఒప్పుకున్న ఆఖరి మాట అదే. తర్వాత ఎవరెక్కడి నుంచి చేరారో టైపు చేయమనాలి. మన గొంతు వాళ్లకు చేరుతోందని తెలియడానికే అది. రెండు మూడు ఊళ్లు చదివి, కోర్సు గురించి చెప్పడానికి మైకు తనకివ్వాలి.

మైకులో మోత పడుతుందని ఏసీ కట్టేశారు. చెమటలు కారుతుండగా నమస్కారం పెట్టి, ఎక్కడి నుంచి వింటున్నారని అడిగాను. తెర ఖాళీ. మైకు తట్టి మళ్లీ అడిగాను. మైకు చూసుకునే లింగంపల్లి ఆయన మాత్రం తాపీగా ఉన్నాడు.

“పరేషాన్ గాకుండ్రి మేడం. మన మాట ఆడికి వోవాలె, ఆల్ల జవాబు ఈడికి రావాలె. జర ఆగుండ్రి.”

అర నిమిషానికి వచ్చాయి. హ్యూస్టన్, గుంటూరు, దుబాయ్, నల్గొండ. చదివి, ఒక్కొక్కరికీ ఒక్కో మంచి మాట చెప్పాను. గుంటూరులో ఒక నెట్ సెంటర్లో ఒకే కంప్యూటర్ ముందు చాలామంది కూర్చున్నారట, అందరికీ కలిపి నమస్కారం చెప్పాను. మేనేజరు చాలని చెయ్యి ఊపాడు. సరేనని, మిగతా ఊళ్లవారికి కూడా స్వాగతం అని ముగించాను.

మన సభల్లో ఆహ్వానితుల పేర్లు చదివేటప్పుడు ఒక్క పేరు తప్పితే ఏమవుతుందో నాకు తెలియంది కాదు. ఆ మనిషి అల్పాహారం కూడా ముట్టుకోడు. ఇంటర్నెట్ వచ్చినంత మాత్రాన మనుషులు మారతారా?

“గుంటూరు చదివి తెనాలి ఎందుకు వదిలేశారు?” అని మొదటి ఫిర్యాదు. సిద్దిపేట ఆయన అందరికంటే ముందు టైపు చేశాడట. క్షమాపణ చెప్పి రెండూ చదివాను. ఆ క్షమాపణ అవతలికి చేరేలోపు మరో పది ఊళ్లు అలిగాయి. అవీ చదివాను. గోదావరి జిల్లాలంటే చిన్నచూపా అని రాజమండ్రి ఆయన నిలదీశాడు. నేను ఊరుకునేదాన్నా? మీరు ఇప్పుడు టైపు చేసి ఇందాకే చదవమంటే ఎట్లాగని మైకులోనే తగులుకున్నాను. పక్కన మేనేజరు మొదటి స్లయిడ్ పెట్టుకుని, పెళ్లిపీటల మీద పెళ్లికూతురి కోసం ఎదురుచూస్తున్నవాడిలా కూర్చున్నాడు. చివరికి గట్టిగానే అన్నాడు.

“మేడం, కడపోడు ఒకడు ఎప్పట్నుంచో ఈడ్నే కాచుకోనుండాడు. వాని ఊరు గూడా చదివి మైకు ఇడ్సండి.”

మైకు ఆన్‌లోనే ఉంది. అర నిమిషం తర్వాత తెర నిండా ఒకటే మాట: కడపకు మైకు ఇవ్వండి.

ఇచ్చాను. గంట చెప్పాల్సింది పావుగంటలో చెప్పాడు. స్లయిడ్లు వెనక కుక్కలు తరుముతున్నట్టు పరిగెత్తాయి. మర్నాడు నేను కౌంటర్లో ఉన్నాను.

తర్వాతి సెమినార్‌కు బెంగుళూరు అమ్మాయి వచ్చింది. గొంతు తేనె. మూడు ఊళ్లు చదివి, “అండ్ మెనీ మోర్” అని నవ్వి మైకు ఇచ్చేసింది. సెమినార్ మధ్యలోనే మేనేజరు మైకు ఆపించి, మొహం వేలాడేసుకుని కౌంటర్ దగ్గరికి వచ్చాడు. మెనీ మోర్‌లో మా ఊరుందా లేదా అని అడుగుతున్నారట. పోయినసారి మేడం ఏదీ అంటున్నారట. నేను వెంటనే లేవలేదు. ఒక అడ్మిషన్ ఫారం నింపడం పూర్తి చేశాకే తలెత్తాను.

చివరికి రాజీ కుదిరింది. సెమినార్ మొదలయ్యే వేళకు పావుగంట ముందే లైను తెరుస్తారు. ఆ పావుగంటా నాది, ఎన్ని ఊళ్లయినా చదువుకోవచ్చు. గడియారంలో పెద్ద ముల్లు పన్నెండు మీదికి రాగానే మైకు కడపది.

ప్రతిసారీ సరిగ్గా ఆ ముల్లు కదిలేటప్పుడే ఎవరో ఒకరు కొత్తగా చేరేవారు. లింగంపల్లి ఆయన చెయ్యి అప్పటికే స్విచ్ మీద ఉండేది.

“ఇగ చాలు మేడం.”

“చందానగర్ అయ్యా, మా కాలనీ ఆయనే. రేపు బస్సులో ఆయన పక్కనే కూర్చోవాలి నేను.”

స్విచ్ మీంచి చెయ్యి తీసేవాడు.