గాజు కూజాలో మోదుగుపూలు

డోర్నకల్ స్టేషన్ దగ్గర వీరేందర్ ఫొటో స్టూడియోలో మూల కంప్యూటర్ శ్రీశైలానిది. ఒకప్పుడు అదే వీధిలో ఆయనకు సొంత స్టూడియో ఉండేది. సెల్‌ఫోన్లు వచ్చి దాన్ని మింగేశాయి. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ల వయసులో పొద్దంతా ఊరివాళ్ల మొహాల మీది మచ్చలు చెరిపి, సాయంత్రం ఇంటికెళ్లి ఒక్కడే వండుకుని ఒక్కడే తింటాడు.

ఇన్ని వేల ఫొటోలు తీసిన మనిషి దగ్గర భార్య ఫొటో లేదంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, సంగతి అదే. యాకమ్మ ఎప్పుడూ కెమెరా పక్కనే నిలబడి, తెల్లటి థర్మాకోల్ అట్టతో కిటికీ వెలుగును కూర్చున్నవాళ్ల మీదికి మళ్లించేది. పెళ్లి ఆల్బమ్ వరదనీళ్లలో నాని ముద్దయింది. ఆధార్ కార్డులో ఉన్న బొమ్మ ఆమెదని చెబితే తప్ప తెలియదు. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది.

ఒక రోజు లంబాడీ తండా నుంచి తారి వచ్చింది. ఏడాది కిందట చనిపోయిన తల్లి రామి ఫొటో తెచ్చింది. ఇరవై ఏళ్ల కింద శ్రీశైలమే తీసిన ఫొటో. బల్ల మీద గాజు కూజా, సగానికి నీళ్లు, అందులో తెల్ల చామంతులు, పక్కన కూజాకు చెయ్యి ఆనించుకుని రామి. కాగితం పూలు పెడితే యాకమ్మ ఒప్పుకునేది కాదు. పొద్దున్నే తాజా పూలు తెచ్చి నీళ్లు పోసేది.

తారికి చామంతులు వద్దు. తల్లి చివరి హోలీకి చెంబులో పెట్టిన మోదుగుపూలు కావాలి. వాటి ఫొటో ఆమె ఫోన్‌లో ఉంది.

రెండు ఫొటోలూ ఇస్తే తానే చేసిపెట్టే కొత్త సాఫ్ట్‌వేర్ ఒకటి వీరేందర్ దగ్గర ఉంది. నిమిషంలో మోదుగుపూలు వచ్చేశాయి. కానీ కూజా కూడా కొత్తదైపోయింది, నీళ్లు మాయమయ్యాయి. తారి తల అడ్డంగా ఊపింది.

“మా యాడి చెయ్యి పెట్టిన సీస గిది గాదు కాకా. సీస, నీళ్లు ఎట్లున్నయో గట్లనే ఉండాలె. పూలే మార్చు,” అంది. తల్లిని వాళ్లు యాడి అంటారు.

ఇక చేత్తో చేయక తప్పలేదు. మర్నాడు రమ్మని తారిని పంపేశాడు. పూలు అతికించడం ఎవడైనా చేస్తాడు, కష్టమంతా నీళ్లలోనే. చామంతి కాడలు సన్నగా, పచ్చగా, గుత్తిగా ఉన్నాయి. మోదుగు కొమ్మలు మూడే, లావుగా, బూడిదరంగులో ఉంటాయి. చెంబు వాటి అడుగును దాచేసింది కాబట్టి పైకొమ్మల ముక్కలతోనే అడుగు కూర్చాలి. నీటిమట్టం దగ్గర కొమ్మ కాస్త పక్కకు జరిగినట్టు, నీళ్లలో మరింత లావుగా కనిపించాలి. లేకపోతే పూలు గాల్లో వేలాడినట్టుంటాయి.

పాత కాడలు చెరిపితే గాజు మెరుపులూ పోతాయి. అందుకని ముందు మెరుపులను వేరే పొరగా తీసి, చూసుకోవడానికి వెనక నలుపు పెట్టాడు. పని అయ్యాక ఆ పొరను కొమ్మల పైన పరచాలి.

నలుపు మీద కిటికీ వెలుగు వంపు తిరిగి తేలింది. దాని పక్కన తెల్లటి పలక. పలక వెనక పసుపుపచ్చ మరక.

అది కురవి జాతరలో కొన్న చీర. యాకమ్మ అట్ట పట్టుకుని గాజులో నిలబడి ఉంది.

శ్రీశైలం ఆ మరక మీదికి వంగాడు. పెద్దది చేశాడు. మొహం ఉండాల్సిన చోట నాలుగు గోధుమరంగు గళ్లు కనిపించాయి. ఇంకా పెద్దది చేస్తే అవీ చెదిరాయి. ఇక్కడే పొరపాటు చేశాడు. వీరేందర్ భోజనానికి వెళ్లగానే ఆ మరకను సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చి, మొహం తేటగా చెయ్యమన్నాడు.

అది చేసింది. తీరైన ముక్కు, విల్లులాంటి కనుబొమలు, సినిమా నవ్వు. యాకమ్మ కాదు. కాదని తెలిసీ గంటసేపు చూశాడు. తొమ్మిదేళ్ల తర్వాత తనవైపు ఒక ఆడమనిషి మొహం తిరిగింది కదా, కళ్లు మళ్లలేదు. చివరికి సిగ్గేసి ఆ మొహాన్ని తుడిచేసి, మోదుగుల పనిలో పడ్డాడు.

మర్నాడు తారి స్క్రీన్ మీద తల్లి పక్కన మోదుగులను చూసింది. నీళ్లలో కొమ్మలను వేలితో తడిమింది. ఆ వేలు పసుపు మరక దగ్గర ఆగింది. అదేంటని, తీసెయ్యమని అడిగింది.

“గది నా భార్య, బిడ్డా,” అన్నాడు శ్రీశైలం. అట్ట సంగతి, ఫొటోలు లేని సంగతి చెప్పాడు.

తారి వేలు వెనక్కి తీసుకుంది. “ఉండనియ్ కాకా. మా యాడికి తోడుంటది,” అంది. మళ్లీ ఆ మరక వైపు చూసి, “చిన్నమ్మ ఎట్లుండేది?” అని అడిగింది.

శ్రీశైలం చెప్పబోయాడు. కళ్ల ముందుకు మొహం వచ్చింది. తీరైన ముక్కు, విల్లులాంటి కనుబొమలు. దాన్ని పక్కకు నెట్టి వెనక వెతికాడు. మళ్లీ అదే వచ్చింది. ఇంకోసారి వెతికాడు.

“మంచిగుండేది,” అని, ప్రింట్ పెట్టడానికి కవరు తీశాడు.