ఎనిమిదిని మూడు చేసిన ఫొటో

జగ్గయ్యపేటలో సిమెంటు లారీల యజమాని ఒకాయన దగ్గర నేను లెక్కలు చూస్తాను. ఉండేది నందిగామలో. రోజూ బస్సులో వెళ్ళి వస్తాను. చిన్నప్పటి నుంచి నాకొక దురద ఉంది, ఏ వస్తువైనా లోపల ఎలా పనిచేస్తుందో చూడకపోతే నిద్ర పట్టదు. దానికి తోడు, నాకు తెలియదు అనే మాట నోటి వెంట రాదు. ఈ రెండో గుణం వల్ల ఒక డ్రైవరు ఉద్యోగం పోయేంత పని చేశాను.

మా దగ్గర బిల్లుల పద్ధతి ఇది. డ్రైవరు డీజిల్ కొట్టించి, బిల్లును ఫోనుతో ఫొటో తీసి డ్రైవర్ల గ్రూపులో పెడతాడు. ఆ గ్రూపులో నేను లేను. యజమాని దాన్ని తన ఫోనులో తెరిచి, స్క్రీన్‌షాట్ తీసి, చుట్టూ ఉన్నదంతా కత్తిరించి నాకు పంపుతారు. ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేయవచ్చు కదా అంటే, ఒక్కో దాని కింద బండి నంబరు రాయడానికి ఆయనకు అదే అలవాటు. నేను ఆ ఫొటో చూసి లెక్క ఎక్కిస్తాను. డ్రైవరు చిట్టాలో రాసిన అంకె, బిల్లు మీది అంకె కలవాలి.

ఆ రోజు కలవలేదు. చందర్లపాడు నుంచి వచ్చే ఒక డ్రైవరు తన చిట్టాలో పద్దెనిమిది వేల అయిదు వందల ఇరవై అయిదు అని రాశాడు. ఫొటోలో మొత్తం దగ్గర రెండో అంకె మసక. మూడో, ఎనిమిదో, ఆరో తెలియదు. లీటర్ల వరుస మీద కాగితం మడత పడింది. పెద్దది చేసి చూస్తే అంకె పెద్దదయింది కానీ తేటపడలేదు, చిన్న చిన్న గళ్ళు మాత్రం కనపడ్డాయి. మసక ఫొటోలను శుభ్రం చేసే యాప్ ఒకటి నా ఫోనులో ఉంది. దాంట్లో వేశాను. నిమిషంలో అచ్చుగుద్దినట్టు వచ్చింది, పదమూడు వేల అయిదు వందల ఇరవై అయిదు. ఇంత స్పష్టంగా ఉంటే ఇంకేం కావాలి అనుకుని యజమానికి చెప్పేశాను.

ఆయన కోపిష్టి. నేను పంపిన ఆ శుభ్రమైన ఫొటోలో అంకె చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి గ్రూపులో పెట్టారు. అయిదు వేలు మింగాడని దాని కింద రాశారు. డ్రైవరు ఇంటికి ఫోన్ చేసి అతని భార్యకు కూడా చెప్పారు. సాయంత్రానికి బండి తాళాలు తీసేసుకున్నారు.

డ్రైవరు ఆఫీసుకు వచ్చి అసలు బిల్లు నా బల్ల మీద పెట్టాడు. వేడి తగిలితే నల్లబడే రకం కాగితం అది, డ్యాష్‌బోర్డు మీద ఎండకు పూర్తిగా నల్లబడిపోయింది, ఒక్క అంకె మిగల్లేదు. పరిటాల దాటాక ఎప్పుడూ కొట్టించే బంకులోనే కొట్టించానని, ఒక్క రూపాయి కూడా తినలేదని మెల్లగా చెప్పాడు. యాభై ఏళ్ళ మనిషి. నేను ఫోను తిప్పి ఆ శుభ్రమైన మూడును చూపించాను. కాసేపు దాన్నే చూసి వెళ్ళిపోయాడు.

తిరుగు బస్సులో నాకు మనసు నిలవలేదు. జాలి అని గొప్పగా చెప్పుకోలేను, ముందు పుట్టింది కుతూహలమే. గళ్ళుగా ఉన్న మసకలో నుంచి అంత చక్కటి అంకె ఎలా వచ్చింది? చేతిలో ముప్పై అయిదు రూపాయల టికెట్టు ఉంది. దాన్ని ఫొటో తీసి పక్కసీటామె అనుమతితో ఆమె ఫోనుకు పంపాను. అంకెల అంచులు కొంచెం మెత్తబడ్డాయి. దాన్నే ఫార్వర్డ్ చేస్తే పెద్దగా తేడా రాలేదు. తెరను స్క్రీన్‌షాట్ తీసి, కత్తిరించి పంపితే మాత్రం సగం పోయింది. అలా మూడుసార్లు చేశాక అంకె చుట్టూ దుమ్ములాంటిది పట్టి, ముప్పై అయిదులోని మూడుకు కడుపు మూసుకుపోయింది. అప్పుడు దాన్ని యాప్‌లో వేశాను.

నా టికెట్టు ఎనభై అయిదు రూపాయలయింది. నిగనిగలాడుతూ, ఏ అనుమానానికీ తావు లేకుండా.

ఫొటోలో నుంచి పోయిన దాన్ని ఆ యాప్ తిరిగి తేవడం లేదు, అక్కడ ఏది ఉంటే బాగుంటుందో ఊహించి కొత్తగా గీస్తోంది. నా టికెట్టుకు మూడును ఎనిమిది చేసింది, డ్రైవరుకు ఎనిమిదిని మూడు చేసి ఉండదా?

తెల్లారి ఆఫీసుకు వెళ్ళగానే యాప్ జోలికి పోకుండా యజమాని పంపిన పాత మసక ఫొటోనే తెరిచాను. లీటరు ధర చదవడానికి వస్తోంది, తొంభై ఏడున్నర. లీటర్ల వరుసలో మడత పక్కన చివరి రెండు సున్నాలు ఉన్నట్టే ఉన్నాయి. పదమూడు వేల అయిదు వందల ఇరవై అయిదును ధరతో భాగిస్తే నూట ముప్పై ఎనిమిది లీటర్ల మీద ఏదో ముక్క వచ్చింది. పద్దెనిమిది వేల అయిదు వందల ఇరవై అయిదును భాగిస్తే సరిగ్గా నూట తొంభై. మిగతా అంకెలన్నీ ఆ చోట పెట్టి చూశాను, ఏదీ కుదరలేదు. అయినా ఆ సున్నాలు కూడా మసకలో చూసినవే. ఒకసారి చెంపదెబ్బ తిన్నదాన్ని కనుక దాంతో ఆగలేదు.

డ్రైవరుకు ఫోన్ చేసి, ఫొటో తీసింది ఏ ఫోనుతో అని అడిగాను. తన ఫోనే అన్నాడు. గ్రూపులో ఉన్నది కాదు, గ్యాలరీలో తీసినప్పటిది ఉందా అంటే, చూడాలన్నాడు. చెరిపేయవద్దని, ఫోను తీసుకుని రమ్మని బతిమాలాను. మధ్యాహ్నం వచ్చాడు. ఫొటో ఉంది. దాన్ని ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా నాకు పంపమన్నాను, అలా అయితే మెసేజీలు పంపే యాప్ దాన్ని కుదించదు. కంప్యూటరులో తెరిచాను. పద్దెనిమిది వేల అయిదు వందల ఇరవై అయిదు. మడతలో నుంచి కూడా నూట తొంభై లీటర్లు చదవడానికి వచ్చింది.

తెరను అతని వైపు తిప్పాను. అతను కోపంగా లేడు.

"కనపడట్లేదు అని ఒక్క మాట చెప్పుంటే, నిన్ననే ఇది తీసి చూపించేవాడిని కదండి."

యజమానికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన కాసేపు గొణిగి, తాళాలు తీసుకోమనండి అన్నారు. గ్రూపులో నన్ను చేర్చమని అడిగాను. చేర్చగానే అసలు ఫొటో డాక్యుమెంటుగా పెట్టి, తప్పు నాదని, డ్రైవరు రాసిందే సరైన లెక్క అని కింద రాశాను. ఎర్ర సున్నా ఉన్న ఫొటో దానికి పైనే ఉంది, వేలు పెట్టకుండానే కనపడుతోంది. నాది చూడాలంటే నొక్కి దించుకోవాలి. యజమానికి మళ్ళీ ఫోన్ చేసి ఆ ఎర్ర సున్నా తీయించాను, అసలు అంకె వరకే కత్తిరించి మామూలు ఫొటోగా కూడా పెట్టాను.

డ్రైవరు తాళాలు తీసుకున్నాడు గానీ లేవలేదు. తన ఫోనులో ఒక నంబరు నొక్కి, స్పీకరు ఆన్ చేసి నా ముందు పెట్టాడు.

"మా ఇంట్లో ఒక మాట చెప్పండి మేడం గారూ. నేను చెప్తే నమ్ముద్దో లేదో."

అవతల అతని భార్య ఎత్తింది. నేనెవరో చెప్పుకున్నాను. మీ ఆయన డబ్బులేం తీయలేదమ్మా, బిల్లు నేనే తప్పు చదివాను అన్నాను.

"నిన్న ఓనరు గారు కూడా బిల్లు చూసే చెప్తున్నామన్నారండి. మీరు కళ్ళారా చూసారా?"

డ్రైవరు కిటికీ వైపు తిరిగాడు.

"నిన్న చూడలేదమ్మా," అన్నాను. "ఇవాళ చూసా."