ఐదో వాక్యం

ఆఫీసులో ఆమెను అందరూ వెన్నపూస మేడమ్ అనేవారు. ఎదురుగా కాదనుకోండి, కానీ ఆమెకు తెలుసు. దగ్గుమందులు తయారుచేసే కంపెనీలో, కొనుగోళ్ళ విభాగంలో ఇరవై రెండేళ్ళుగా ఆమెకున్న అసలు పని ఒక్కటే: మేనేజరుగారి కారానికి వెన్న రాయడం.

మా సరుకు కొనండంటూ రోజుకు పది కంపెనీల నుంచి మెయిళ్ళు వస్తాయి. మేనేజరు వాటి ప్రింట్లు చూసి, "వద్దు", "విసిగించకండి", "మీకు వేరే పని లేదా?" అని గీకి ఆమె వైపు తోసేస్తాడు. మనిషి చెడ్డవాడేం కాదు, ఓపిక లేదంతే. వాటిని ఆమె నాలుగు వాక్యాలుగా మారుస్తుంది. రాసినందుకు ధన్యవాదాలు. మాకు అవసరం లేదు. కారణం ఇదీ. మీకు మేలు జరగాలి. అంతే, తలుపు చప్పుడు కాకుండా మూసుకుంటుంది. ఇంట్లోనూ ఇదే తంతు. ఎవరికి కాదని చెప్పాల్సివచ్చినా కూతురు ఫోను తెచ్చి, "అమ్మా, నువ్వే రాసిపెట్టవా" అంటుంది.

మూడు నెలల కిందట సీసా మూతలమ్మే కంపెనీలో సేల్స్ చూసే పెద్దాయన ఒకాయన మెయిల్ రాశాడు. అందరిలా గొప్పలు పోలేదు. మీ సీసాల్లో కొన్ని మూత దగ్గర కారుతున్నాయి, లోపలి బిళ్ళ పలచగా ఉండటమే కారణం, మేం మందం బిళ్ళ వేస్తాం అని ఓపిగ్గా వివరించాడు. మేనేజరు దానిమీద "అక్కర్లేదు. ఉన్నవాళ్ళు చాలు" అని కొట్టిపడేశాడు.

ఆమె ఎప్పట్లాగే నాలుగు వాక్యాలూ రాసింది. కానీ పంపబోతూంటే మనసొప్పలేదు. అంత శ్రద్ధగా రాసిన మనిషిని ఉత్త చేతులతో పంపడమా అనిపించి ఇంకొకటి చేర్చింది: "మీ వివరాలు మా దగ్గర ఉంచుకుని, అవసరం రాగానే తప్పక పిలుస్తాం." వివరాలు ఉంచుకునే ఫైలంటూ ఆ ఆఫీసులో ఏదీ లేదు. ఆ సంగతి ఆమెకు కాక ఇంకెవరికి తెలుసు!

నిన్న ఆ పెద్దాయన స్వయంగా వచ్చాడు. రిసెప్షన్‌లో కుర్చీ అంచున కూర్చుని, ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు.

"మీరేనా అమ్మా ఆ మెయిల్ రాసింది? మీ మేలు మర్చిపోలేను. మా కంపెనీలో సేల్స్ వాళ్ళని తగ్గిస్తున్నారు. మీ మెయిల్ చూపించి, ఆర్డరు వస్తుందని మా ఓనరుని మూడు నెలలు ఆపాను. రేపటితో గడువు అయిపోతుంది. అందుకే అడిగిపోదామని..."

ఆమె ఆయన్ను కూర్చోమని చెప్పి నేరుగా మేనేజరు గదికి పరుగెత్తింది.

"సార్, ఆ మూతలాయన ఆర్డరు వస్తుందన్న ఆశతో వచ్చారు. ఒక్కసారి శాంపిలైనా చూడండి."

"ఇప్పుడున్నవాళ్ళతో ఇంకో రెండేళ్ళు ఒప్పందం ఉంది కదమ్మా? నేను ఆ రోజే వద్దన్నాను. ఆశ పెట్టింది ఎవరు?"

ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది, కనీసం ఆయన్ను తిట్టుకోవడానికైనా వీలుండేది.

తిరిగొచ్చి పెద్దాయన ముందు నిలబడింది.  ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఒప్పందం సంగతి, ఐదో వాక్యం సంగతి, లేని ఫైలు సంగతి. తప్పు నాదేనంది.

ఆయన అడిగాడు: "మొదట మీ సారు ఏం రాశారమ్మా?"

"అక్కర్లేదు, ఉన్నవాళ్ళు చాలు అని."

"అదే పంపినా సరిపోయేది," అన్నాడు మెల్లగా. "ఆ రోజుల్లోనే నాకు ఒకచోట స్టోర్‌కీపరు పని ఇస్తామన్నారు. మీ ఆర్డరు వస్తుంది కదా అని వద్దన్నాను."

ఎవరికైనా ఫోన్ చేసి చెప్పనా అని ఆమె అడిగింది. ఎవరికి చేస్తారమ్మా అన్నాడు. నిజమే, ఎవరికి చేస్తుంది?

"ఒక పని చేసిపెట్టండి. కాదని ఒక మెయిల్ పంపండి. ఆర్డరు రాదని ఓనరుకి చూపించాలి. ఈసారి నాకు కూడా అర్థమయ్యేట్టు రాయండి."

ఆమె వెళ్ళి రాసింది. "మీరు శ్రమ తీసుకుని వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మూతల సరఫరాకు మాకు ఇంకా రెండేళ్ళ ఒప్పందం ఉన్నందువల్ల మీ ప్రతిపాదనను అంగీకరించలేకపోతున్నాం. ఇదే మా తుది నిర్ణయం, దయచేసి మాకోసం ఎదురుచూడవద్దు. మీకు మేలు జరగాలి." వేలు ఐదో వాక్యం కోసం కాసేపు ఆగింది. పంపేసింది.

అద్దం తలుపు అవతల ఆయన ఫోను పైకెత్తి, కళ్ళద్దాలు సర్దుకుని, రెండుసార్లు చదువుకున్నాడు. ఆమె బయటికి రాగానే సంచి భుజాన వేసుకున్నాడు.

"చాలా మర్యాదగా రాశారమ్మా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె ఏడ్చేసింది.