ధర్మవరానికి నేను పంపిన ఉత్తరం

పెనుకొండలో మా ఇంట్లోనే పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. అందులో ఒక పాప అవ్వ దగ్గర ఉండి చదువుకుంటోంది. అమ్మానాన్నలు ధర్మవరంలో మగ్గం నేస్తారు. హిందూపురంలో ఎంపీసీ చేరాలని పాప ఆశ. కాలేజీ సంగతి తేల్చుకునే ముందు, పిల్ల ఎలా చదువుతోందో రాసి పంపమని వాళ్ల నాయన అడిగాడు.

పాపది చురుకైన బుర్ర. వర్గ సమీకరణం సాధించే సూత్రం ఎలా వచ్చిందో నాకే తిరిగి చెప్పగలదు. తీరా చేసేటప్పుడు మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ అవుతుందన్నది మరిచి, ఉదాహరణకు ఇరవై ఐదుకు ఇరవై నాలుగు కలపాల్సిన చోట తీసేస్తుంది. పద్ధతంతా సరిగ్గా ఉండి జవాబు తప్పుతుంది. వచ్చిన జవాబును మళ్లీ సమీకరణంలో పెట్టి చూసుకుంటే తప్పు అక్కడే దొరుకుతుంది. దగ్గర కూర్చుని అలా చేయిస్తే తనే దిద్దుకుంటుంది కూడా.

రాయాల్సింది ఇది. నేను రాసింది వేరు. కిందటేడు ఇంకో పిల్లాడి తండ్రి, మార్కులు తగ్గాయని, "ముందే చెప్పింటే ఏమి మేడమ్?" అంటూ నలుగురిలో నన్ను కడిగేశాడు. ఆ దెబ్బతో ఈసారి నా జాగ్రత్తలో నేనున్నాను. విషయం అర్థం చేసుకుంటుందని ఒక్క ముక్క రాసి, పేజీ అంతా తప్పులతో నింపాను. నిర్లక్ష్యం అని కూడా రాశాను. రేపు ఏమైనా నా మీదికి రాకూడదు, అంతే.

కొన్నాళ్లకు అవ్వ వచ్చింది. "లెక్కల్లేని గ్రూపులో చేర్పిస్తాడంట మా కొడుకు. మీరే రాసినారంట కదమ్మా?"

తల కొట్టేసినట్టయింది. ఆదివారం పాపను వెంటబెట్టుకొని ధర్మవరం బస్సెక్కాను.

వాళ్ల నాయన మగ్గం మీంచి లేచి కుర్చీ వేశాడు. పాప చేసే పొరపాటు ఏమిటో, ఎలా సరిచేసుకోవచ్చో, ఎంపీసీ ఎందుకు చదవగలదో అన్నీ చెప్పాను. అంతా విన్నాడు.

"మరి అట్లెందుకు రాసినారు మేడమ్?"

కోపంగా అడిగినా బాగుండేది. తెలుసుకుందామనే అడిగాడు.

"నా పేరు చెడిపోతుందని," అన్నాను. అంత సిగ్గు నేనెన్నడూ పడలేదు.

ఆయన మాట్లాడేలోపే పాప కలగజేసుకుంది. "మేడమ్ రాసింది నిజమే నాయనా. తప్పులు చేస్తాండా నేను."

నన్ను వెనకేసుకొచ్చింది, పిచ్చిపిల్ల.

"నాకు కాదు మేడమ్," అన్నాడాయన. "చెప్పేదేదో పాపకు చెప్పండి."

దాని వైపు తిరిగాను. నేను నోరు తెరిచేలోపే అది అడిగింది. "నాకు మ్యాథ్స్ వస్తాదా మేడమ్?"

వస్తుందన్నాను. నా మాట నమ్మాలో, నా రాత నమ్మాలో తెలియక వాళ్ల నాయన ముఖం వైపు చూసింది.