దీనారు రేటు చెప్పడానికి వెళ్ళిన రోజు

పొదుపు సంఘాల ఆడవాళ్ళకు డబ్బు గురించి నాలుగు ముక్కలు చెప్పడం నా పని. రిటైరయ్యాక మా బ్యాంకే మళ్ళీ కాంట్రాక్టు మీద పెట్టుకుంది. ఊరికి వెళ్ళాలి, బ్యానరు కట్టాలి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని చెప్పాలి, ఫొటో తీసి పై ఆఫీసుకి పంపాలి. చెప్పింది ఎవరైనా విన్నారా లేదా అన్నది ఫొటోలో పడదు కనుక ఎవరూ అడగరు. మొదట్లో అది నన్ను బాధపెట్టేది. ఇప్పుడు మోకాళ్ళు బాధపెడుతున్నాయి కాబట్టి దాని వంతు రావడం లేదు.

ఆ ఊరు పర్చూరు దాటాక లోపలికి ఉంటుంది. ముందు రోజు అక్కడి సంఘం లీడరు నాకు ఫోన్ చేసింది. నలభై దాటిన మనిషి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడేది, ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి మాట్లాడింది.

"మేడమ్, ఈసారి ఓటీపీ సంగతి వద్దండి. కువైట్ నుంచి పంపే డబ్బు నెలనెలా ఎందుకు తేడాగా వచ్చిద్దో అది చెప్పండి. అదొక్కటి చెప్తే చాలు."

ఎందుకని అడిగితే చెప్పింది. వాళ్ళ పక్కింటి పెద్దావిడ కూతురు ఇద్దరు పిల్లల్ని తల్లి దగ్గర వదిలి కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్ళింది. తల్లికి బ్యాంకు ఖాతా ఉంది కానీ వేలిముద్ర పడదు. ఏళ్ళ తరబడి మిరపకాయలు కోసీ, పత్తి తీసీ గీతలు అరిగిపోయాయి. ఊళ్ళో డబ్బులిచ్చే మిషను మీద ఎన్నిసార్లు వేలు పెట్టినా అది ఆవిణ్ణి ఆవిడగా ఒప్పుకోదు. అందుకని కూతురు డబ్బు లీడరు ఖాతాకి పంపుతుంది. లీడరు పర్చూరు వెళ్ళి తీసుకొచ్చి, పెద్దావిడ చేతిలో పెడుతుంది.

అలా పెట్టే డబ్బు ఒక నెల ఉన్నంత ఇంకో నెల ఉండదు. కూతురేమో నెలకి ఎనభై దీనార్లు పంపుతానని వెళ్ళేటప్పుడే చెప్పి వెళ్ళింది. ఎనభై ఎప్పుడూ ఎనభైయే అయినప్పుడు రూపాయలెందుకు మారాలి? మధ్యలో ఉన్న చెయ్యి లీడరుదొక్కటే. ఊళ్ళో వాళ్ళకి ఆ మాత్రం చాలు. ముసలమ్మ డబ్బు నొక్కేసింది, రేపు సంఘం పొదుపు నొక్కదని నమ్మకమేంటి అన్నారు. మర్నాడు మీటింగులో ఆమెని దింపి వేరే లీడర్ని పెట్టాలని కూడా అనుకున్నారట.

"పన్నెండేళ్ళ నుంచి చేస్తన్నానండి. దొంగ పేరుతో దిగలేను" అంది.

మిరపకోతల రోజులు కావడంతో అందరూ చేరేసరికి సాయంత్రం నాలుగు దాటింది. అంగన్‌వాడీ వరండాలో కూర్చున్నారు. కాయ కోసిన చేతులు మంట పుడుతున్నట్టున్నాయి, మాటిమాటికీ చీరకొంగుకు తుడుచుకుంటున్నారు. ఆ ఘాటుకి నాకు దగ్గు. పెద్దావిడ గోడకి ఆనుకుని కూర్చుంది. వాళ్ళ మామగారి కాలం దాకా దూది ఏకి పరుపులు కుట్టిన ఇల్లు. ఇప్పుడు ఎవరి చేలో పనుంటే అక్కడికి వెళ్ళడమే. తల మీద ముసుగు సర్దుకుని నావైపే చూస్తోంది. లీడరు ఆవిడకి దూరంగా, ఇంకో చివర కూర్చుంది.

నాకు నిజంగా ఓపిక లేదు. బస్సులో నిలబడి వచ్చాను. పావుగంటలో ముగించి వెళ్ళిపోదామనుకున్నాను. అందుకని డాలర్లు, మార్కెట్లు అని సాగదీయకుండా వాళ్ళకి తెలిసిన దారిలోనే మొదలుపెట్టాను.

"సోమవారం ఒక టిక్కీ బస్తా మిరపకాయ గుంటూరు యార్డుకి తోలారు. గురువారం అదే తూకం, అదే రకం ఇంకో టిక్కీ తోలారు. రెండిటికీ ఒకటే డబ్బులొస్తాయా?"

"యాడొస్తయ్యండీ!" అని నలుగురు ఒక్కసారే అన్నారు. ఆ రోజు సరుకు ఎక్కువొస్తే రేటు పడిపోతుందని ఒకామె, బయటి దేశాలకి పంపేవాళ్ళు కొనడం ఆపితే పడిపోతుందని ఇంకొకామె. ఎవరో రేటు మాట ఎత్తగానే మొగుళ్ళని తిట్టడం కూడా మొదలైంది, అమ్మమన్న రోజు అమ్మరు, పడిపోయాక అమ్ముతారని.

"దీనారు కూడా అంతే" అన్నాను. "దాన్ని కూడా కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు ఉంటారు. దానికీ రోజుకో రేటు. అమ్మాయి అక్కడ డబ్బు పంపే కౌంటరులో ఎనభై కడుతుంది. ఆ రోజు దీనారుకి రెండొందల డెబ్బై అయిదు ఇస్తే ఇక్కడికి ఇరవై రెండు వేలొస్తాయి. రెండొందల ఎనభై ఇస్తే ఇరవై రెండు వేల నాలుగొందలొస్తాయి. అమ్మాయి తక్కువ పంపలేదు, మధ్యలో ఎవరూ తినలేదు. టీవీలో చెప్పే రేటు కూడా పూర్తిగా చేతికి రాదు. కౌంటరు వాడు రేటు కాస్త తగ్గించి లెక్కకడతాడు, పంపినందుకు చార్జీ తీసుకుంటాడు."

"కమీషన్ కొట్టు మాదిరిగా" అంది ఒకామె.

"అచ్చంగా అలాగే."

లీడరు ముఖం కొంచెం తేరుకుంది. నన్ను చూసి తల ఊపింది. చాలు, ఇంక ఆపండి అన్నట్టుగా. అప్పుడు నాకది అర్థం కాలేదు, మెచ్చుకుంటోందనుకున్నాను.

"మరి టీవీలో రూపాయి పడిపోయిందంటన్నారు గదండీ, అందుకేనా పెద్దమ్మకి డబ్బు తగ్గింది?" అని అడిగింది ముందు వరసలో ఆమె.

"రూపాయి పడిపోతే మీకు తగ్గదమ్మా, పెరుగుతుంది. రూపాయి చులకనైందంటే దీనారుకి ఎక్కువ రూపాయలివ్వాలి."

"అయితే మంచిదేగా!"

"ఏం మంచిది? మనం కాచే నూనె, బండిలో పోసే పెట్రోలు చాలావరకు ఓడలో బయటి నుంచే వస్తాయి. వాటికి మనం డాలర్లు కట్టాలి. రూపాయి చులకనైతే వాటి ధర పెరుగుతుంది. బంగారం సంగతి మీకే తెలుసు. నాలుగొందలు ఎక్కువొచ్చాయని సంబరపడేలోపు కొట్టువాడు మూడొందలు పట్టుకెళ్తాడు. ఒక నెల వచ్చింది చూసుకుంటే చాలదు, దానితో ఏం కొనగలిగామో కూడా చూసుకోవాలి."

నవ్వారు. కొన్నేళ్ళుగా నేను చెప్పే మాటలకి జనం నవ్వడం చూళ్ళేదు. పైకి ఒప్పుకోను గానీ నాకు హుషారొచ్చింది. అలసట మరిచిపోయాను. ఫోనులో ఆ వారం రేటు చూసి, "ఇప్పుడైతే దీనారు రెండొందల ఎనభై అయిదు దాకా ఉంది, మూడు నెలలుగా పెరుగుతూనే ఉంది" అని కూడా చెప్పాను. ఎవరూ అడగని ముక్క అది.

అప్పటిదాకా నోరు విప్పని పెద్దావిడ అడిగింది.

"మూడు నెలల్నించి పెరుగుతా ఉందా అమ్మా?"

"అవునండి."

"నాకు మూడు నెలల్నించి పదిహేడు వేలే వస్తంది."

ముందు వరసలో ఆమె లేచి నిలబడింది. "రేటు పెరిగి డబ్బు తగ్గిందంటే ఏందండీ దానర్థం? టిక్కీలు తక్కువన్నా తోలుండాలి, కాటా దగ్గరన్నా కొట్టేసుండాలి. అంతేగా?"

అంతే. నేను నేర్పిన లెక్కే.

"బ్యాంకు మెసేజ్‌లు ఉంటాయి కదా" అన్నాను లీడరుతో. "ఖాతాలో ఎంత పడిందో అందులో ఉంటుంది. నువ్వు ఇచ్చింది అంతే అయితే గొడవే లేదు. చూపించు."

"వద్దులెండి మేడమ్. దించేస్తే దించెయ్యనీయండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంత దూరం పిలిపించి, ఇంత చెప్పించుకుని, చివరికి ఇదా? ఇంతసేపూ దొంగని వెనకేసుకొచ్చానా అనిపించింది. ఫోనివ్వమని చెయ్యి చాచాను. ఇవ్వలేదు. "తినకపోతే ఇయ్యడానికేం?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. లీడరు ఒకసారి పెద్దావిడ వైపు చూసి, ఫోను తీసి నా చేతిలో పెట్టింది.

మెసేజ్‌లు వెనక్కి జరుపుకుంటూ పైకే చదివాను. పోయినేడాది ఇరవై రెండు వేలు, కొంచెం అటూ ఇటూ. మూడు నెలల నుంచి పదిహేడు వేలు, పదిహేడు వేల వంద. పడింది పడినట్టే పెద్దావిడకి చేరింది. పైసా పోలేదు. "ఇదుగో, మీ లీడరు శుభ్రంగా ఉంది" అని చెప్పడానికి నోరు తెరిచాను. పదిహేడు వేల వందని రెండొందల ఎనభై అయిదుతో భాగిస్తే అరవై దీనార్లు, ఎనభై కాదు. అది తల్లో తిరుగుతుండగానే నోరు మూతపడింది. కాటా సరిగ్గానే ఉంది. తోలిందే తక్కువ.

నేను ఆగిపోవడం పెద్దావిడ చూసింది. లీడరు వైపు తిరిగింది.

"నీకు తెలుసా?"

లీడరు తల వంచుకుంది.

"నిన్నేనే అడిగేది. నా బిడ్డ ఎందుకు తక్కువ పంపతంది?"

"మెట్ల మీద జారి పడిందత్తా. చెయ్యి విరిగింది. ఆస్పత్రి ఖర్చు వాళ్ళు జీతంలో కోసుకుంటన్నారు. అమ్మకి చెప్పొద్దక్కా, పిల్లల్ని పట్టుకుని ఏడుస్తా కూర్చుంటది అని నా చేత ఒట్టు పెట్టించుకుంది. రేటు సంగతి మేడమ్ చెప్తే అదే కారణమని ఊరుకుంటారనుకున్నా."

అప్పుడు తెలిసింది నాకు, నన్నెందుకు పిలిచిందో, ఎందుకు చాలని తల ఊపిందో. తను దొంగ కాదని చెప్పమంది గానీ, అంతకు మించి చెప్పమనలేదు. నేనే మించాను. సిగ్గేసింది. ఇన్నేళ్ళలో ఒక్క మీటింగు శ్రద్ధగా చెబితే ఇలా అయింది.

లేచి నిలబడ్డ ఆమె మెల్లగా కూర్చుంది. కొత్త లీడరు మాట ఎవరూ ఎత్తలేదు.

"ఏ చెయ్యి?" అంది పెద్దావిడ.

"కుడి చెయ్యత్తా."

"వీడియో చెయ్యవే అంటే అక్కడ నెట్టు రాదమ్మా అంటా ఉంది" అంది ఆవిడ, తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, రెండో చేత్తో మణికట్టు నుంచి మోచేతి దాకా నిమురుకుంటూ కూర్చుంది. లీడరు వెళ్ళి పక్కన కూలబడి, "నన్ను తిట్టత్తా, చెప్పనందుకు తిట్టు" అంది.

పెద్దావిడ తిట్టలేదు. తలెత్తింది.

"నువ్వు తింటన్నావనుకున్నప్పుడే నయం తల్లీ" అంది. "అప్పుడు నా బిడ్డ బాగుండాదిగా."