నాలుగంకెల ఆనవాలు

మా అత్త సింహాద్రమ్మ నలభై ఏళ్లు కొట్టు నడిపింది. నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు మీద, ముందు గదిలో సరుకులు, వెనక గదిలో కాపురం. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ముందు గది పోయింది. ఆ మరుసటి ఏడు మామగారు పోయారు. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి కొట్టు ఇంకా ఉంది కాబట్టి ఇదంతా నా కళ్లతో చూసిందే. విని రాసింది కాదు.

అత్తకి ఉన్న చెవి ఎవరికీ లేదు. వెనక గదిలో పులుసు కలుపుతూనే "ఎవులది? గున్నమ్మా? గొలుగొండ బస్సు బేగొచ్చీసిందేటి ఈయేళ?" అని అడిగేది. బయట నిలబడ్డ మనిషి ఒక్క మాటే అని ఉంటుంది, అది కూడా "ఉప్పు" అనో "సింహాద్రమ్మా" అనో. సంతరోజున కొండ మీంచి దిగినవాళ్లు, మాకవరపాలెం రైతులు, అందరి గొంతులూ ఆవిడకి తెలుసు. జలుబు చేసినా కనిపెట్టేసేది. జలుబు చేసిందని మిరియాలు కూడా పొట్లం కట్టి ఇచ్చేది.

మనిషి స్వయంగా రాలేకపోతే పొరుగువాళ్లని పంపేవారు. అలా వచ్చినవాళ్లు ఆనవాలు చెప్పాలి. "మొన్న గున్నమ్మ వెల్లుల్లి కొంటంటే తక్కెడ తాడు తెగిపోయిందట" అని చెబితే, ఆ సంగతి గున్నమ్మకీ అత్తకీ తప్ప మూడోవాళ్లకి తెలీదు కాబట్టి సరుకు ఇచ్చేది. అదే ఆనవాలు రెండోసారి పట్టుకొస్తే మాత్రం మొహమాటం లేదు. "ఇది అయిపోయింది, కొత్తది తే" అని తిప్పి పంపేసేది. పిల్లలు వచ్చి చుట్టలు అడిగితే ఏ ఆనవాలూ పనికిరాదు. నాకు అప్పట్లో ఇదంతా చాదస్తంగా తోచేది. కొత్త కోడలిని, పైగా టీచర్ని, నాకు అన్నీ తెలుసనుకునేదాన్ని.

మా ఇంటికి వచ్చాక ఆవిడకి చేయడానికి పని లేకపోయింది. "మీరు కూర్చోండి అత్తా" అని నేనే అనేదాన్ని. మంచికే అన్నానని అనుకున్నాను. నలభై ఏళ్లు నిలబడ్డ మనిషికి కూర్చోమని చెప్పడం ఎంత శిక్షో నాకు తట్టలేదు.

పోయిన ఏడు మా ఆయన సూర్యప్రకాష్ పిల్లల రైమ్స్ కోసం ఒక స్మార్ట్ స్పీకర్ తెచ్చాడు. హాల్లో టీవీ పక్కన పెట్టాడు. దానికి తెలుగు రాదు, ఇంగ్లీషూ హిందీ వచ్చు. ఎనిమిదేళ్ల మా చిట్టితల్లి నానమ్మని పక్కన కూర్చోబెట్టుకుని "ఆర్డర్ తూర్ దాల్", "ఆర్డర్ కోకోనట్ ఆయిల్" అని నేర్పింది. స్పీకర్ సరుకు పేరు చెప్పి, ధర చెప్పి, ఆర్డర్ చేయమంటారా అని అడుగుతుంది. ఈవిడ "యస్" అంటుంది. రెండు రోజుల్లో సరుకు గుమ్మంలోకి వస్తుంది.

అంతే, ఇంటి సరుకులు ఆవిడ చేతిలోకి వెళ్లిపోయాయి. పొద్దున్న పది గంటలకి తల దువ్వుకుని, కొట్టు తెరిచినట్టే దాని ముందు కూర్చునేది. కందిపప్పు రంగు బాగోకపోతే డెలివరీ అబ్బాయిని నిలబెట్టి మరీ దెబ్బలాడేది. పాత సింహాద్రమ్మ తిరిగొచ్చిందని నాకు ఎంత సంతోషమో. ఆ సంతోషం పైకి చెప్పలేదు. అత్తాకోడళ్లం కదా, ఎందుకో నోరు రాదు.

చెడగొట్టింది మా నాలుగేళ్ల కొండన్న. తాతగారి పేరు పెట్టుకున్నందుకు వాడికి ఇంట్లో అందరూ జడుస్తారు. నానమ్మ మాటలు విని విని, ఒకరోజు వాడే "ఆర్డర్ బెలూన్స్" అన్నాడు. అడిగినదానికల్లా "యస్" అన్నాడు. ఆ తర్వాత "ఆర్డర్ డాగ్ ఫుడ్" అన్నాడు. మాకు కుక్క లేదు. తిండి వస్తే వెనకాల కుక్క కూడా వస్తుందని వాడి లెక్క.

మూడు పెద్ద ప్యాకెట్ల బెలూన్లూ, ఐదు కిలోల కుక్క తిండీ గుమ్మంలో దిగాయి. మా ఆయన ఫోన్ తీసి "గొంతుతో కొనడం మొత్తం ఆపేస్తాను. పీడా పోద్ది" అన్నాడు.

అత్త చీర కొంగు చేతికి చుట్టుకుంటూ కూర్చుంది. నాకు కోపం వచ్చింది.

"గుంటడు సేసిన పనికి అత్త కొట్టు మూయిస్తారా?" అన్నాను. "పిన్ పెట్టుకోవచ్చు కదా. నాలుగంకెలు. అది చెప్తేనే ఆర్డర్ వెళ్తుంది."

పిన్ పెట్టాడు. తల్లికి చెవిలో చెప్పాడు. అత్త వినగానే అంది: "ఆనవాలే కదేటి? కానీ ఇది పైకి అందరి ముందూ సెప్పాలా?"

"అవునమ్మా, స్పీకర్ అడిగితే పైకే సెప్పాలి."

"అయితే ఇది ఆనవాలేటిరా నాయనా, దండోరా!"

మా ఆయన నవ్వేశాడు. నేనూ నవ్వాను. నాలుగో రోజుకి కొండన్న ఆ నాలుగంకెలనీ పాట కట్టి, చెంచాతో పళ్లెం వాయిస్తూ ఇల్లంతా తిరిగాడు. అప్పుడు నవ్వింది అత్త. "ఒకపాలి వాడింది ఇంకోపాలి పనికిరాదని నాను సెప్పలేదా" అంది.

పిన్ మార్చి ఇంకో ఏర్పాటు చేశాడు. స్పీకర్‌కి మనిషి పేరు ఇచ్చి, ఆ మనిషి గొంతు గుర్తు నేర్పవచ్చు. నేర్పిన గొంతుని పిన్ అడక్కుండా వదిలేయమని యాప్‌లో ఒక ఆప్షన్ ఉంది. మిగతా ఏ గొంతు కొనబోయినా పిన్ అడుగుతుంది. కొత్త పిన్ మా ఇద్దరికే తెలుసు, అదీ మేం పైకి అనం. మాకేమైనా కావాలంటే ఫోన్లోనే కొనుక్కుంటాం. అత్త ఒక్కతే నోటితో కొంటుంది. నేర్పడానికి ఫోన్‌లో ఒక్కో ఇంగ్లీషు వాక్యం వస్తుంది. అది స్పీకర్ దగ్గర పైకి చదవాలి. విన్నాక తర్వాతది వస్తుంది. అంతా సవ్యంగా మొదలుపెట్టి, ఆఫీసు నుంచి కాల్ వస్తే ఫోన్ చిట్టితల్లి చేతికిచ్చి "నానమ్మ చేత చెప్పించు" అని స్కూటర్ ఎక్కేశాడు. నేను అప్పటికింకా బడి నుంచి రాలేదు.

మర్నాడు అత్త పది గంటలకి కూర్చుంది. చింతపండు అడిగింది. స్పీకర్ పిన్ అడిగింది. అత్త మళ్లీ చింతపండే అడిగింది. అది మళ్లీ పిన్నే అడిగింది. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ఆవిడ దాని వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది.

"నా గొంతు దానికి తెలీదట," అంది. "పెద్దదాన్నయిపోయాను కదా, గొంతు మారిపోయుంటాది. ఒదిలీయమ్మా. ఇంక నాకొద్దు."

నేను ఎన్ని చెప్పినా వినలేదు. ఆ వారమంతా సరుకుల మాట ఎత్తలేదు. అన్నంలో పురుగు వచ్చినా బియ్యం ఎవరు తెచ్చారని అడగలేదు. ఇంత ప్రాంతంలో ప్రతి గొంతునీ పోల్చుకున్న మనిషిని పిడికెడు డబ్బా ఒకటి పోల్చుకోనంది. ఆ అవమానం చూస్తుంటే నాకు దాన్ని ఎత్తి వీధిలో పారేయాలనిపించింది.

ఆదివారం పొద్దున్న నేను గారెల పప్పు రుబ్బుతున్నాను. హాల్లోంచి చిట్టితల్లి గొంతు: "ఆర్డర్ కలర్ పెన్సిల్స్." స్పీకర్ ధర చెప్పింది. పిల్ల "యస్" అంది. ఆర్డర్ అయిపోయిందంది స్పీకర్. పిన్ అడగలేదు!

పప్పు చేతులతోనే పరుగెత్తాను. మా ఆయన మొదట ఆ ఆర్డర్ రద్దు చేసి, పిల్లని నిలబెట్టి, "నేనెవరు అని దాన్ని అడుగు" అన్నాడు. చిట్టితల్లి ఇంగ్లీషులో అడిగింది. స్పీకర్ తడుముకోకుండా "సింహాద్రమ్మ" అని చెప్పింది.

"ఏటే ఇది? ఆరోజు ఏటి సేసావు?" అన్నాను.

చిట్టితల్లి కళ్లలో నీళ్లు. "నానమ్మకి నోరు తిరగలేదమ్మా. నాను ముందు సెప్తే నానమ్మ తరవాత సెప్తాదనుకున్నాను. నాను సెప్పగానే అది ఇంకోదానికి ఎల్లిపోయింది. పోన్లే నానమ్మకి కష్టమెందుకని అన్నీ నానే సెప్పీసాను."

పిల్ల పలికిన గొంతుకి నానమ్మ పేరు తగిలించుకుని కూర్చుంది ఆ యంత్రం. తప్పు పిల్లది కాదు, కాల్ వచ్చిందని లేచిపోయిన పెద్దమనిషిది. ఆ మాట అనాల్సిన గట్టితనంతోనే అన్నాను. ఆయన తల గోక్కున్నాడు.

పాత గుర్తు చెరిపేశాం. ఫోన్‌లో వచ్చే వాక్యాలన్నీ తెలుగక్షరాల్లో, దూరం నుంచి కూడా కనబడేలా చార్టు మీద రాశాను. ఒకటో తరగతికి రాసినట్టు రాశాను. అత్త ఐదో తరగతి చదివింది. తెలుగు తడబడకుండా చదువుతుంది. అయినా కూర్చోనంది. "మళ్లీ తెలీదంటే నాను తట్టుకోలేను" అంది. "తెలీదంటే దాన్నే పారేద్దాం అత్తా, మిమ్మల్ని కాదు" అన్నాను.

పిల్లలిద్దరినీ మేడ మీదకి పంపాం. ఫ్యాన్ కూడా ఆపేశాం. నేను నోరు మెదపకుండా ఒక్కో వాక్యం మీద వేలు పెట్టాను. అత్త ఒక్కొక్కటీ, కొట్లో సరుకు పేర్లు పలికినట్టు, నింపాదిగా చదివింది. రెండుచోట్ల స్పీకర్ మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పింది. చివరి వాక్యం కూడా అయింది.

"గొంతులు కలిసినవాళ్లొస్తే ఇదీ పొరపడొచ్చు అమ్మా, పూర్తిగా నమ్మకూడదు," అన్నాడు మా ఆయన. "ఆర్డర్ ఎల్లిన ప్రతిసారీ నా ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా పెట్టాను."

"అది మంచి పని," అంది అత్త. "అక్కసెల్లెల్ల గొంతులు నానూ ఒకటి రెండుపాల్లు పొరబడ్డాను."

చిట్టితల్లి దిగి వచ్చి "నానెవర్ని" అని ఇంగ్లీషులో అడిగింది. ఎవరో తెలీదంది స్పీకర్. కొండన్న బెలూన్లు అడిగాడు. పిన్ అడిగింది. పాత పాట అందుకున్నాడు, తప్పంది. వాడు దాన్ని కాలితో తన్నబోతే పట్టుకున్నాను.

"ఇప్పుడు మీరడగండి అత్తా."

ఆవిడ చెమట తుడుచుకుంది. ముందుకి వంగి, చార్టు చూడకుండా, "హూ యామ్ ఐ" అంది.

స్పీకర్‌లో నీలం దీపం తిరిగింది. ఆ పరాయి యాసలోనే, ఒక్కో అక్షరం విడదీసి, "సింహాద్రమ్మ" అంది.

అత్త కళ్లు ఒత్తుకుంటుంటే ఏమైందని భుజం పట్టుకున్నాను.

"ఏటీ లేదమ్మా," అంది. "కొట్టు పోయినకాడి నుంచీ అమ్మ, అత్త, నానమ్మ... నన్ను పేరెట్టి పిలిసినోలు ఒక్కలూ లేరు."

ఇంకోసారి అడిగింది.