మూడో రోజు రాసిన లీవ్ లెటర్

ఉద్యోగం రాకముందే మా నాన్న కన్యాకుమారికి టికెట్లు తీసేశారు. ఇంటిల్లిపాదీ తొమ్మిది మందిమి. నానమ్మకి అదే మొదటి రైలు ప్రయాణం. ఆ తర్వాత భోగాపురం దాటాక హైవే పక్కనున్న మందుల కంపెనీ నుంచి నాకు పిలుపొచ్చింది. ఇంటర్వ్యూలో ఎప్పుడు చేరగలవని అడిగితే రేపే అన్నాను. ప్రయాణం సంగతి చెబితే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారని భయం.

సోమవారం ల్యాబ్‌లో ట్రైనీగా చేరాను. శుక్రవారం సాయంత్రం రైలు. శనివారం నుంచి ఐదు పనిదినాలు సెలవు కావాలి. రెండు రోజులు అడగలేక నీళ్ళు నమిలాను. మూడో రోజు తెగించి కాగితం రాశాను. లీవ్ అని రాయడానికే చెయ్యి రాలేదు. మర్యాదగా ఉంటుందని, చేరిన వారంలోనే అడుగుతున్నందుకు క్షమించమంటూ, శనివారం నుంచి నన్ను రిలీవ్ చేయమని రాశాను. నా ఇంగ్లీషు మీద నాకంత నమ్మకం మరి!

మా ల్యాబ్ ఇన్‌చార్జి పనిలో తలమునకలై ఉండి, చదవకుండానే సంతకం పెట్టేశారు. కాగితం పట్టుకుని హెచ్‌ఆర్ గదికి వెళ్ళాను. అక్కడి ఆఫీసరు పెద్దాయన, శృంగవరపుకోట మనిషి. చదివి, సొరుగులోంచి ఒక ఫారం తీసి ముందు పెట్టారు. లాకరు తాళం, ఐడీ కార్డు అప్పగించి అన్ని సెక్షన్లలో సంతకాలు పెట్టించుకోమన్నారు.

సెలవు అడిగితే పీకేస్తారా? నాన్నకేం చెప్పాలి? కార్డు మెడలోంచి తీయబోతే తాడు జడలో చిక్కుకుంది. పిచ్చిదానిలా లాగుతున్నాను. ఆయన నా మొహంలోకి చూశారు.

"ఏటమ్మా, సెలవు కావాలా, సెలవు తీసుకుంతన్నావా?"

"కావాలండి. కన్యాకుమారి. మళ్ళీ వచ్చేస్తానండి," అన్నాను.

రిలీవ్ అంటే ఉద్యోగం మానేయడమని అప్పుడు చెప్పారు. కాగితం అడ్డంగా కొట్టేసి వేరేది రాయించారు. కొత్తవాళ్ళకి సెలవులుండవు, ఐదు రోజుల జీతం కోత, ఆగిపోయిన ట్రైనింగ్ వచ్చాక పూర్తిచేయాలి అన్నారు.

"ఇంటర్వూలోనే సెప్పుంటే, తిరిగొచ్చాకే సేర్చుకుందుం కదమ్మా," అన్నారు.

ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయాను.

కొత్త కాగితం మీద ఇన్‌చార్జి ఈసారి ప్రతి అక్షరమూ చదివి సంతకం పెట్టారు. కాగితం చేతికిచ్చి తన పనిలో పడిపోయారు. ఆయనేమనుకున్నారోనన్న బెంగ కన్యాకుమారి దాకా నా వెంట వచ్చింది. నానమ్మ సముద్రం చూసి చిన్నపిల్లలా నవ్వుతుంటే, నేను ఫోను మోగితే ఉలిక్కిపడుతూ కూర్చున్నాను. నా స్థానంలో ఇంకెవర్నో పెట్టేసుంటారని తిరుగు రైల్లో కంటి మీద కునుకు లేదు.

శుక్రవారం ఉదయం ల్యాబ్‌లోకి అడుగు పెట్టాను. ఇన్‌చార్జి తలెత్తకుండానే నా ట్రైనింగ్ ఫైలు ముందుకు తోశారు. ఆగిపోయిన పేజీ దగ్గర కాగితం ముక్క పెట్టి ఉంది.

"కూకోమ్మా. ఐదు రోజుల పనుంది," అన్నారు.

కూర్చున్నాను. పెన్ను మూత తీసి, ఆ పేజీ మీద ఆ రోజు తేదీ వేశాను.